మిరపలో నల్ల తామర పురుగుపై పరిశోధన: నిధుల అంచనా, ఖర్చుకు ముందు పొందవలసిన అనుమతులు

2021-22 పంట కాలంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప తోటలలో నల్ల తామర పురుగు విపరీతంగా ఉద్ధృతమై పూతను నాశనం చేసిన సంగతి విదితమే. త్రిప్స్ పార్విస్పినస్ అనే శాస్త్రీయ నామం గల ఈ పురుగును మన దేశంలో తొలిసారిగా 2015లో బెంగళూరులో బొప్పాయిపై గుర్తించారు. చిరకాలంగా మిరపను ఆశిస్తున్న సిర్టోత్రిప్స్ డోర్సాలిస్ లేత పసుపు రంగులో ఉండి, లేత ఆకులను గీకి రసం పీల్చి, ఆకులు పైకి ముడుచుకొనేటట్లు చేస్తుంది. నల్ల తామర పురుగు ఇందుకు భిన్నంగా పూలలో గుంపులుగా చేరుతుంది. అందువలన పూత రాలడం, నిలిచిన కాయలు వంకరపోవడం జరుగుతుంది. పల్నాడులో పిడుగురాళ్ల పరిసర గ్రామాల రైతులు మిరపను, ప్రత్తిని పక్కపక్కనే సాగు చేస్తారు. అటువంటి చోట ఏ పొలంలో ఏ జాతి పురుగు ఎప్పుడు పెరుగుతున్నదో తెలుసుకోవడం విస్తరణ శాస్త్రవేత్తలకు అవసరం.

గుంటూరు సమీపంలోని లాం ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం వంటి కేంద్రం ఈ అంశంపై మూడేళ్ల ప్రాజెక్టు చేపట్టదలచినదనుకొందాము. ప్రతిపాదనలో శాస్త్రీయ భాగం ఎంత చక్కగా ఉన్నప్పటికీ, నిధుల భాగం పంట కాలానికి అనుగుణంగా లేకపోతే ఒక సీజను మొత్తం చేజారిపోతుంది. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది. మిరప నాట్లు ఆగస్టు, సెప్టెంబరు నెలలలో పడతాయి. పూత, పురుగు ఉద్ధృతి నవంబరు నుండి జనవరి వరకు ఉంటాయి. కోతలు మార్చి చివరి వరకు సాగుతాయి. ఈ రెండు పంచాంగాలను కలిపి చూడడమే బడ్జెటు తయారీలో ముఖ్యమైన పని. ఈ వ్యాసంలో ఒక నమూనా బడ్జెటును తీసుకొని ఒక్కొక్క పద్దును పరిశీలించడమైనది. పరికరాలు, సామగ్రి, కూలి, వాహనం ధరలు లెక్క కట్టే పద్ధతిని తెలుపుటకు తీసుకొన్నవే గాని మార్కెట్టు ధరలు కావు.

మంజూరు ఉత్తర్వును ఎట్లు చదువవలెను

ప్రాజెక్టు ఆమోదం పొందిన తరువాత నిధులిచ్చే సంస్థ నుండి మంజూరు ఉత్తర్వు వస్తుంది. పూర్వం శాస్త్ర, ఇంజనీరింగు పరిశోధనా మండలి ఇచ్చిన గ్రాంట్లను 2023 నాటి చట్టం ద్వారా ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధనా ఫౌండేషన్ ఇప్పుడు నిర్వహిస్తున్నది. సంస్థ ఏదైనప్పటికీ ఉత్తర్వులో మూడు విషయాలను ముందుగా గమనించవలెను.

మొదటిది, మూడేళ్లకు ఆమోదించిన మొత్తానికి, ఇప్పుడు విడుదల చేస్తున్న మొత్తానికి గల తేడా. ఇరవై నాలుగు లక్షలకు ఆమోదం లభించినంత మాత్రాన అంత సొమ్ము చేతికి వచ్చినట్లు కాదు. ఏటేటా వాయిదాలలో విడుదలవుతుంది. వినియోగ ధ్రువపత్రం, వ్యయ వివరణ పట్టిక పంపిన తరువాతనే తదుపరి వాయిదా వస్తుంది.

రెండవది, మూలధన పద్దు, సాధారణ పద్దు వేరువేరుగా ఉండడం. పరికరాలు మూలధన పద్దు క్రిందకు, భృతి, వినియోగ వస్తువులు, ప్రయాణం వంటివి సాధారణ పద్దు క్రిందకు వస్తాయి. మైక్రోస్కోపు అనుకొన్న దానికంటె తక్కువ ధరకు దొరికి కొంత సొమ్ము మిగిలినా, ఆ మిగులుతో రసాయనాలు కొనుటకు వీలులేదు. నిధులిచ్చే సంస్థ నుండి లిఖితపూర్వకమైన అనుమతి ముందుగా పొందవలెను.

మూడవది, ప్రాజెక్టు ప్రారంభ తేదీ. ఆ తేదీకి ముందు ఇచ్చిన ఆర్డరుకు, చెల్లించిన బిల్లుకు ప్రాజెక్టు నిధులు వర్తించవు. సీజను దాటిపోతున్నదన్న ఆత్రుతతో ముందే వస్తువులు తెప్పించి, ఉత్తర్వు వచ్చిన తరువాత బిల్లు పెట్టుకోవచ్చునని భావిస్తే అభ్యంతరం తప్పదు.

ఉత్తర్వు చేతికి వచ్చిన వెంటనే ఖర్చు ప్రారంభించుటకు వీలుండదు. విశ్వవిద్యాలయం ఆ ప్రాజెక్టును తన లెక్కలలో చేర్చుకొని, ప్రత్యేక పద్దు తెరచి, పరిపాలనా ఆమోదం ఇవ్వవలసి ఉంటుంది. నిధులిచ్చే సంస్థ షరతులు, విశ్వవిద్యాలయ కొనుగోలు నియమాలు రెండూ వర్తిస్తాయి. రెండింటిలో ఏది కఠినమైతే దానిని పాటించుట క్షేమము.

వినియోగ వస్తువులు: నమూనాల సంఖ్య నుండి లెక్క

చాలా ప్రతిపాదనలలో వినియోగ వస్తువులకు 'ఏటా రెండు లక్షలు' అని గుండుగుత్తగా వ్రాయడం కనిపిస్తుంది. సమీక్షకులు తొలుత కోత పెట్టేది ఇటువంటి అంకెకే. పొలంలో సేకరించే నమూనాల సంఖ్య నుండి లెక్క కట్టినట్లయితే కోత పెట్టుటకు ఆధారం ఉండదు.

పిడుగురాళ్ల పరిసరాలలో ఆరు గ్రామాలను, ఒక్కొక్క గ్రామంలో రెండు పొలాలను ఎంచుకొన్నారనుకొందాము. మొత్తం పన్నెండు పొలాలు. అక్టోబరు మొదటి నుండి సుమారు పదిహేను రోజులకొకసారి చొప్పున సీజనుకు పది సందర్శనలు. అనగా సీజనుకు 120 నమూనాలు. వీటన్నిటినీ మైక్రోస్కోపు క్రింద చూచి జాతులను లెక్కిస్తారు. ప్రతి ఐదింటిలో ఒకదానిని, అనగా 24 నమూనాలను, డిఎన్ఏ పరీక్షతో నిర్ధారిస్తారు. పరీక్ష విఫలమై తిరిగి చేయవలసినవి, సరిపోల్చుటకు ఉంచేవి కలిపి నాలుగవ వంతు అదనంగా వేసుకొంటే 30 పరీక్షలు.

డిఎన్ఏ వేరుచేసే కిట్టు 50 పరీక్షల పెట్టెగా దొరుకుతుందనుకొంటే ఏడాదికి ఒక పెట్టె సరిపోతుంది. తగ్గింపు ధర వస్తుందని మూడు పెట్టెలను ఒకేసారి కొనుట తగదు. కిట్లకు, ఎంజైములకు గడువు తేదీ ఉంటుంది. మూడవ సీజను నాటికి గడువు దాటిన కిట్టుతో చేసిన పరీక్ష విఫలమైతే, లోపం నమూనాలో ఉన్నదో కిట్టులో ఉన్నదో తేల్చుట కష్టము. కొనుగోలు ఆర్డరులోనే 'సరఫరా నాటికి కనీసం పది నెలల గడువు ఉండవలెను' అనే షరతు చేర్చవలెను. ఎంజైములు మంచు పెట్టెలో వచ్చినవా, పెట్టె విప్పే సమయానికి మంచు మిగిలి ఉన్నదా అన్నది సరుకు తీసుకొన్న రోజుననే రిజిస్టరులో వ్రాయవలెను.

నీలి రంగు జిగురు అట్టలు పొలానికి ఐదు చొప్పున, ప్రతి సందర్శనలో మార్చుటకు 600 అవసరము. అట్టకు 20 రూపాయల చొప్పున 12,000 రూపాయలు. డిఎన్ఏ కిట్టుకు 15,000, ప్రైమర్లు, ఎంజైములు, అగరోజు మొదలగు వాటికి 25,000, ఆల్కహాలు, సీసాలు, స్లైడులకు 12,000, ప్లాస్టిక్ గొట్టాలు, టిప్పులకు 16,000 అనుకొంటే పూర్తి సీజనుకు 80,000 రూపాయలవుతుంది. ప్రాజెక్టు అక్టోబరులో ప్రారంభమై మూడేళ్లు నడచినట్లయితే మొదటి సీజనులో సగం పని, తరువాతి రెండు సీజన్లలో పూర్తి పని జరుగుతుంది. కావున మొదటి సీజనుకు సగం వేసుకొని మొత్తం 2,00,000 రూపాయలు చూపవలెను.

ఇందులో ఆల్కహాలు చిన్న పద్దువలె కనిపించినా పని ఆగిపోయేది తరచుగా దాని వద్దనే. ఆకార లక్షణాల పరిశీలనకు ఉద్దేశించిన పురుగులను 70 శాతం ఆల్కహాలులో నిల్వ చేయవచ్చును. డిఎన్ఏ పరీక్షకు 95 శాతం లేదా అంతకు మించిన గాఢత గల ఆల్కహాలు, శీతల నిల్వ అవసరము. శుద్ధ ఆల్కహాలు కొనుగోలు, నిల్వ రాష్ట్ర ఆబ్కారీ నిబంధనల పరిధిలోనివి. విశ్వవిద్యాలయానికి ఉన్న అనుమతి ఎవరి పేరున ఉన్నది, ఏ ప్రయోగశాలకు వర్తిస్తుంది, ఎంత పరిమాణం వరకు అన్నది ప్రతిపాదన దశలోనే తెలుసుకొనవలెను.

పరికరాలు: కొనుట అవసరమా, ఎప్పటికి చేతికందును

ఈ ప్రాజెక్టుకు తొలి అంచనాలో కెమెరా గల స్టీరియో జూమ్ మైక్రోస్కోపుకు 2,50,000, పీసీఆర్ యంత్రానికి 4,00,000, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజరుకు 80,000 రూపాయలు వేశారనుకొందాము. సమీక్షా సంఘం అడిగే తొలి ప్రశ్న పీసీఆర్ యంత్రం గురించే ఉంటుంది. ఏడాదికి 30 పరీక్షలంటే యంత్రం పనిచేసేది కొద్ది రోజులు మాత్రమే. విశ్వవిద్యాలయంలో మరొక విభాగం వద్ద అటువంటి యంత్రం ఉన్నట్లయితే దానిని వాడుకొనుట ఉచితము. అయితే నోటిమాట చాలదు. ఏ నెలలలో ఎన్ని రోజులు యంత్రం ఇవ్వగలరో తెలుపుతూ ఆ విభాగాధిపతి సంతకంతో లేఖ తీసుకొని ప్రతిపాదనకు జతపరచవలెను. మైక్రోస్కోపు సంగతి వేరు. 120 నమూనాలను పదిహేను రోజులకొక విడతగా చూడవలసి ఉన్నందున అది ప్రయోగశాలలోనే ఉండవలెను.

పీసీఆర్ తొలగించిన తరువాత పరికరాల మూల ధర 3,30,000 రూపాయలు. దీనికి పన్ను కలుపుకొనుట మరచిపోరాదు. పరిశోధనా సంస్థలు కొనే పరికరాలపై పూర్వం ఉన్న 5 శాతం రాయితీ జీఎస్టీ 2022 జూలై 18 నుండి రద్దయినది. పాత ప్రతిపాదనలను చూచి 5 శాతం వేసినవారు కొనుగోలు వేళకు సొమ్ము చాలక ఇబ్బంది పడవలసి వస్తుంది. 18 శాతం చొప్పున పన్ను 59,400 రూపాయలు. మొత్తం 3,89,400 రూపాయలు అంచనాలో చూపవలెను.

కొనుగోలు పద్ధతి విలువను బట్టి మారుతుంది. 2017 నాటి కేంద్ర సాధారణ ఆర్థిక నియమావళి ప్రకారం చిన్న విలువ గల వస్తువులను కొటేషన్లు లేకుండా, ధ్రువపత్రంతో నేరుగా కొనవచ్చును. ఆపై విలువకు ముగ్గురు సభ్యుల స్థానిక కొనుగోలు కమిటీ మార్కెట్టును విచారించవలెను. అంతకు మించినచో టెండరు పిలువవలెను. శాస్త్ర సంస్థల పని త్వరితపడుటకు 2025 జూన్‌లో కేంద్రం ఈ పరిమితులను పెంచి, కేంద్ర శాస్త్రసాంకేతిక విభాగాల పరిధిలోని సంస్థలకు నేరు కొనుగోలును 2 లక్షల రూపాయల వరకు, కమిటీ కొనుగోలును 25 లక్షల వరకు అనుమతించినది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఈ పెంపు తనంత తాను వర్తిస్తుందని భావించరాదు. విశ్వవిద్యాలయ పాలకమండలి ఆమోదించిన పరిమితులనే చూడవలెను.

పరిమితిని తప్పించుకొనుటకు ఒకే అవసరాన్ని ముక్కలు చేయడం ఆడిట్‌లో తరచుగా బయటపడే దోషము. మైక్రోస్కోపును ఒక బిల్లుగా, దాని కెమెరాను మరొక బిల్లుగా, దీపాన్ని ఇంకొక బిల్లుగా ఒకే వారంలో ఒకే సరఫరాదారు నుండి కొనినట్లయితే ఆ మూడు బిల్లులే సాక్ష్యమవుతాయి. అదే విధంగా, ఒకే కంపెనీ నమూనాకు తప్ప మరి దేనికీ సరిపోని సాంకేతిక వివరణ వ్రాయుట కూడా అభ్యంతరకరము. ఒకే తయారీదారు వద్ద లభించేది నిజంగా అవసరమైతే, ఇతర నమూనాలు ఎందుకు పనికిరావో తెలుపుతూ ప్రత్యేక ధ్రువపత్రం ఇచ్చి అధికారి ఆమోదం పొందే మార్గం నియమావళిలోనే ఉన్నది.

ఇక కాలం సంగతి. మంజూరు ఉత్తర్వు అక్టోబరు మొదటి వారంలో వచ్చినదనుకొందాము. పద్దు తెరచి పరిపాలనా ఆమోదం పొందుటకు మూడు, నాలుగు వారాలు పడుతుంది. బహిరంగ టెండరు అవసరమైతే బిడ్లకు సాధారణంగా కనీసం మూడు వారాల గడువు ఇవ్వవలెను. సాంకేతిక, ఆర్థిక పరిశీలనకు మరి రెండు, మూడు వారాలు. సరఫరాకు ఆరు నుండి ఎనిమిది వారాలు. ఇవన్నీ కలిపితే మైక్రోస్కోపు ప్రయోగశాలకు వచ్చేది జనవరి ఆఖరుకో ఫిబ్రవరికో. అప్పటికి పూతలోని పురుగు ఉద్ధృతి ముగింపునకు వస్తుంది.

ఈ జాప్యాన్ని పూర్తిగా తొలగించుట సాధ్యము కాదు గాని, తట్టుకొనుట సాధ్యమే. మొదటి సీజనును పరికరాలపై ఆధారపడకుండా రూపొందించవలెను. అక్టోబరు నుండే పురుగులను సేకరించి, తగిన ఆల్కహాలులో, గ్రామం, పొలం, తేదీ వ్రాసిన చీటీతో సీసాలలో భద్రపరచి, విశ్వవిద్యాలయంలో ఇప్పటికే ఉన్న ఫ్రీజరులో ఉంచవచ్చును. మైక్రోస్కోపు వచ్చిన తరువాత ఫిబ్రవరి, మార్చి నెలలలో వాటిని లెక్కించవచ్చును. దీనికి ముందుగా కావలసినది ఆల్కహాలు, సీసాలు మాత్రమే. కాబట్టి తొలి కొనుగోలు కోరిక పత్రం అత్యంత ఖరీదైన పరికరానికి గాక ఈ చిన్న వస్తువులకు పెట్టవలెను.

విద్యార్థి భృతి

కేంద్ర శాస్త్ర, సాంకేతిక విభాగం 2023 జూన్‌లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఆ ఏడాది జనవరి 1 నుండి జూనియర్ రీసెర్చ్ ఫెలోకు నెలకు 37,000, సీనియర్ రీసెర్చ్ ఫెలోకు 42,000 రూపాయల భృతి వర్తిస్తుంది. వసతి గృహం కల్పించని పక్షంలో ఇంటి అద్దె భత్యం అదనము. భత్యం నగర తరగతిని బట్టి మారుతుంది. గుంటూరు వై తరగతి నగరము గనుక 20 శాతం, పిడుగురాళ్ల జెడ్ తరగతి గనుక 10 శాతం. ఫెలో పనిచేసే కేంద్రం ఏది అన్నది నియామక ఉత్తర్వులో స్పష్టంగా ఉండవలెను. గుంటూరు కేంద్రంగా ఉంటే జూనియర్ ఫెలోకు నెలకు 44,400, పిడుగురాళ్ల కేంద్రంగా ఉంటే 40,700 రూపాయలవుతుంది.

లాం కేంద్రంగా మొదటి రెండేళ్లు జూనియర్ హోదాలో 10,65,600, మూడవ ఏడాది సీనియర్ హోదాలో నెలకు 50,400 చొప్పున 6,04,800, మొత్తం 16,70,400 రూపాయలు అవసరము. రెండేళ్లు నిండినంత మాత్రాన సీనియర్ హోదా రాదు. ఫెలో పనిని సమీక్షించే కమిటీ సిఫారసు చేసి, విశ్వవిద్యాలయం ఉత్తర్వు ఇచ్చిన తరువాతనే పెంపు వర్తిస్తుంది. కమిటీని ఇరవై మూడవ నెలలోనే సమావేశపరచనట్లయితే విద్యార్థి నెలల తరబడి పాత భృతితోనే ఉండవలసి వస్తుంది.

నియామకానికి ప్రకటన, దరఖాస్తులకు గడువు, ఇంటర్వ్యూ, ఎంపిక కమిటీ నివేదిక, ఉత్తర్వు ఇవన్నీ అవసరము. నెట్, గేట్ వంటి జాతీయ స్థాయి పరీక్షలలో అర్హత పొందినవారికే ఈ భృతి వర్తిస్తుంది. అర్హులు దొరకలేదని అర్హత లేనివారిని తీసుకొని అదే మొత్తం చెల్లించినచో, ఆ తేడాను వసూలు చేయమని ఆడిట్ పట్టుబట్టవచ్చును. అటువంటి వారికి వేరే హోదా, వేరే వేతనం ఉన్నవి. ఆ మార్పునకు నిధులిచ్చే సంస్థ అనుమతి ముందుగా తీసుకొనవలెను.

ఫెలో నాలుగు నెలలు ఆలస్యంగా చేరితే 1,77,600 రూపాయలు మిగిలినట్లు కనిపిస్తుంది. ఈ సొమ్ము ప్రయోగశాలది కాదు. దానిని రసాయనాలకో వాహనానికో మళ్లించుటకు ముందస్తు అనుమతి కావలెను. ప్రాజెక్టు కాలాన్ని ఖర్చు లేకుండా నాలుగు నెలలు పొడిగించమని కోరి, ఆ భృతిని ఆ నెలలకు వాడుకొనుట తరచుగా మేలైన మార్గము. అయితే ఆ కోరికను గడువు ముగియుటకు కొన్ని నెలల ముందే పంపవలెను.

మార్చి 31, మూడవ కోత

పన్నెండు పొలాలలో దిగుబడి నమూనాలకు మూడు కోతలు, కోతకు పొలానికి ఇద్దరు కూలీల చొప్పున 72 పనిదినాలు. రోజుకు 500 రూపాయల చొప్పున సీజనుకు 36,000, మూడు సీజన్లకు 1,08,000 రూపాయలు. లాం నుండి పిడుగురాళ్లకు వెళ్లి గ్రామాలు తిరిగి వచ్చుటకు వాహనం రోజుకు 3,500 చొప్పున, మొదటి సీజనులో ఐదు, తరువాత పదేసి సందర్శనలకు 87,500 రూపాయలు.

ఈ చిన్న పద్దులోనే ప్రాజెక్టు ఫలితం ఇమిడి ఉన్నది. మిరప పువ్వు పండు కాయగా మారుటకు సుమారు రెండు నెలలు పడుతుంది. జనవరిలో పురుగు రాల్చిన పూత వలన కలిగిన నష్టం మార్చి కోతలో గాని కనబడదు. మొదటి కోత కాయలు పురుగు ఉద్ధృతికి ముందటి పూత నుండి వచ్చినవి. అనగా నష్టాన్ని లెక్కించుటకు మూడవ కోత లేనిదే వీలుకాదు. ఆ కోత సరిగా ఆర్థిక సంవత్సరం ముగిసే రోజులలో వస్తుంది.

కేంద్ర నిధులలో చాలా భాగం ఇప్పుడు ఏక ట్రెజరీ ఖాతా పద్ధతిలో, శూన్య నిల్వ ఖాతాల ద్వారా విడుదలవుతున్నవి. ఈ పద్ధతిలో సొమ్ము బ్యాంకులో నిల్వ ఉండదు. ఖర్చు పెట్టుటకు పరిమితి మాత్రమే కేటాయిస్తారు. మార్చి 31 నాటికి వాడని పరిమితి రద్దవుతుంది. కొత్త కేటాయింపు వచ్చేసరికి కొన్ని వారాలు, ఒక్కొక్కసారి నెలలు పట్టవచ్చును. మార్చి 28న జరిగిన కోతకు కూలి బిల్లు ఏప్రిల్ 3న పెడితే చెల్లించుటకు పరిమితి ఉండదు. పైగా విశ్వవిద్యాలయ ఆర్థిక విభాగాలు మార్చి రెండవ, మూడవ వారంలోనే బిల్లుల స్వీకరణ నిలిపివేస్తాయి.

మూడవ కోతకు కావలసినది 12,000 రూపాయలు మాత్రమే. ఆ సొమ్ము లేక కోత నిలిచిపోతే మిగిలిన దత్తాంశానికి ముగింపు ఉండదు. దీనికి పరిష్కారం జనవరిలో ఉన్నది. కోత తేదీల అంచనాతో జనవరిలోనే పరిపాలనా ఆమోదం పొంది, నియమాలు అనుమతించిన మేరకు మార్చి మొదటి వారంలో తాత్కాలిక అడ్వాన్సు తీసుకొని, హాజరు పట్టీతో మార్చి 31 లోగా సర్దుబాటు చేయవలెను. అడ్వాన్సు ఏప్రిల్‌లోనికి తెగకుండా ఉంటే అదే వినియోగ ధ్రువపత్రాన్ని ఆపుతుంది. అయినా ఆలస్యమయ్యే పక్షంలో తదుపరి ఏడాది అంచనాలో ఏప్రిల్ నెలకు కూలి వేరుగా చూపి, నిధులిచ్చే సంస్థకు ముందుగా తెలియజేయవలెను.

ప్రచురణ రుసుము

పరిశోధనా పత్రం ఆమోదం పొందేది సాధారణంగా ప్రాజెక్టు ముగిసిన తరువాత. రుసుము బిల్లు అప్పుడు వస్తుంది. ముగింపు తేదీ తరువాతి బిల్లును ప్రాజెక్టు నిధుల నుండి చెల్లించుట కుదరదు. అంతేగాక అన్ని సంస్థలు ఈ ఖర్చును ఒప్పుకొనవు. 2014 డిసెంబరులో కేంద్ర బయోటెక్నాలజీ, శాస్త్రసాంకేతిక విభాగాలు ప్రకటించిన బహిరంగ లభ్యతా విధానం, పత్రికలు వసూలు చేసే రుసుములను తాము భరించబోమని తెలిపినది. ఆమోదిత ప్రతిని సంస్థ భాండాగారంలో ఉంచితే విధానం పాటించినట్లే. వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు కృషికోశ్ అటువంటి భాండాగారము.

అందుచేత ఈ పద్దు క్రింద సొమ్ము కోరుటకు ముందు నిధులిచ్చే సంస్థ మార్గదర్శకాలను చదువవలెను. అనుమతి ఉన్నట్లయితే రెండవ సీజను దత్తాంశంతో తొలి పత్రాన్ని మూడవ ఏడాది మొదట్లోనే పంపుట మంచిది. అనుమతి లేకపోతే రుసుము లేని పత్రికను ఎంచుకొని, ప్రతిని కృషికోశ్‌లో ఉంచవచ్చును. రుసుము చెల్లిస్తే వారంలో ప్రచురిస్తామనే పత్రికలను గుర్తించుటకు జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ ఇచ్చే పత్రికల రేటింగు జాబితా ఒక ఆధారము. జాబితాలోని పేరును అనుకరించే నకిలీ వెబ్‌సైట్లు కూడా ఉన్నవి గనుక ప్రచురణ క్రమసంఖ్యను సరిచూడవలెను. సమీక్షకుల వ్యాఖ్యలు లేకుండా ఆమోదలేఖతో పాటు బిల్లు వచ్చినచో అది హెచ్చరికగా భావించవలెను.

ధనంతో సంబంధం లేని అనుమతులు

కొన్ని అనుమతులు లేనిదే సొమ్ము ఉన్నా ఖర్చు పెట్టరాదు. పురుగుల నమూనాలను గుర్తింపు కొరకు విదేశీ ప్రయోగశాలకు పంపదలచినచో జీవవైవిధ్య చట్టం 2002 క్రింద జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ఆమోదం కావలెను. కొరియరు సొమ్ము బడ్జెటులో ఉన్నంత మాత్రాన నమూనా పంపుటకు వీలులేదు. జన్యుమార్పిడి ప్రత్తిపై కూడా ప్రయోగాలు చేర్చదలచినచో సంస్థాగత జీవభద్రతా కమిటీ పరిశీలన అవసరము. ఈ ప్రాజెక్టులో సర్వే, గణన మాత్రమే ఉన్నందున ఆ అవసరం రాదు. అయితే ప్రతిపాదనలో మొక్కుబడిగా వ్రాసిన ఒక్క వాక్యం వలన అనవసరమైన అనుమతి కోరవలసి రావచ్చును. చేయని పనిని వ్రాయకుండుట మేలు. రైతు పొలంలో దిగుబడి నమూనా తీయుటకు రైతు లిఖితపూర్వక అంగీకారం, కోసిన కాయలు ఎవరికి చెందునన్న స్పష్టత కూడా నాట్ల కాలంలోనే ఉండవలెను.

నమూనా బడ్జెటు మొత్తము

| పద్దు | మూడేళ్లకు రూపాయలు |
|---|---|
| ఫెలో భృతి, అద్దె భత్యం | 16,70,400 |
| పరికరాలు, పన్నుతో | 3,89,400 |
| వినియోగ వస్తువులు | 2,00,000 |
| క్షేత్ర కూలి | 1,08,000 |
| క్షేత్ర ప్రయాణం | 87,500 |
| మొత్తం | 24,55,300 |

సంస్థాగత వ్యయము, అనుమతి ఉన్నచో ప్రచురణ రుసుము నిధులిచ్చే సంస్థ నిబంధనల ప్రకారం వేరుగా చేర్చవలెను. ఈ పట్టికలో మూడింట రెండు వంతులు విద్యార్థి భృతికే పోవుట గమనించదగినది. సమీక్షా సంఘం మొత్తంలో పది శాతం తగ్గించమన్నప్పుడు చేయి సహజంగా చిన్న పద్దుల మీదకు పోతుంది. భృతి రేటు ఉత్తర్వు ద్వారా నిర్ణయమైనది గనుక దానిని తగ్గించుటకు వీలుండదు. కూలి, ప్రయాణం పద్దులను తగ్గిస్తే మూడవ కోత పోతుంది. గ్రామాలను ఆరు నుండి ఐదుకు తగ్గించి, దానికి అనుగుణంగా ప్రతి పద్దును తిరిగి లెక్కించి, అప్పటికీ చాలకపోతే ఫ్రీజరును కొనుటకు మారుగా విశ్వవిద్యాలయంలో ఉన్నదానిని వాడుకొనుటకు అంగీకార పత్రం తెచ్చుకొనుట సరియైన పద్ధతి.

ఏడాది ముగిసిన తరువాత వినియోగ ధ్రువపత్రాన్ని నియమావళిలోని 12-ఎ నమూనాలో, పద్దులవారీ వ్యయ వివరణతో పంపవలెను. గ్రాంటుపై బ్యాంకు వడ్డీ వచ్చినట్లయితే అది ప్రాజెక్టుకు చెందదు. కేంద్ర ప్రభుత్వ ఖాతాకు జమచేయవలెను. వ్యయ వివరణను మార్చి చివరన ఒకేసారి తయారుచేయుటకంటె ప్రతి నెలా ఒక పేజీలో మంజూరైనది, ఆర్డరు ఇచ్చినది, చెల్లించినది అని మూడు వరుసలుగా వ్రాసుకొనుట మంచిది. ఆర్డరు ఇచ్చి చెల్లించని మొత్తం డిసెంబరు తరువాత కూడా తగ్గకుండా ఉన్నట్లయితే, మార్చిలో పరిమితి రద్దయ్యే ప్రమాదం ఉన్నదని మూడు నెలల ముందే తెలుస్తుంది. మూడవ కోతకు కావలసిన 12,000 రూపాయలను ఆ పేజీలో జనవరిలోనే ప్రత్యేకించి ఉంచిన ప్రాజెక్టు తన సీజనును పూర్తి చేసుకొనగలదు.